కెటిల్ ఫొటో ఒక్కటే పంపితే ఎలా, అమ్మలూ?

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటో చూశాను. కింద "కంపెనీకి గట్టిగా ఒక కంప్లైంట్ రాసిపెట్టు నాన్నా" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నావు. ఆర్డర్ నంబర్ లేదు, ఎప్పుడొచ్చిందో లేదు, వాళ్లు ఏం చేస్తే నీకు సరిపోతుందో అసలే లేదు. సరే, ఫొటోలో కనబడినంత వరకు రాసి, మిగతావి ఖాళీలు వదిలాను.

ఫొటో పెద్దది చేసి చూస్తే పిడి కింద మొదలైన పగులు అడుగు అంచు దాకా వచ్చింది. మూత ఒక పక్క పైకి లేచి ఉంది. వెనకాల అట్టపెట్టె మూల లోపలికి నొక్కుకుపోయింది. డెలివరీవాళ్లు విసిరేసి ఉంటారని నీకు అనిపించవచ్చు, కానీ అది ఫొటోలో లేదు. అలా రాస్తే వాదన మొత్తం ఎవరు విసిరారన్న దాని మీదకు పోతుంది. పగిలింది పగిలినట్టు చెబితే చాలు, ఎక్కడ పగిలిందో వాళ్లు తేల్చుకుంటారు.

రాసింది ఇది:

"అయ్యా, ____ తేదీన నాకు అందిన ఎలక్ట్రిక్ కెటిల్ (ఆర్డర్ నంబర్ ____, మోడల్ ____) పాడై ఉంది. పిడి కింద నుంచి అడుగు అంచు దాకా పగులు ఉంది. మూత సరిగ్గా కూర్చోలేదు. పెట్టె ఒక మూల నొక్కుకుపోయి ఉంది. ఫొటో జతచేశాను. దీన్ని నేను వాడలేదు. నాకు ____ కావాలి. ____ తేదీలోగా జవాబు ఇవ్వగలరు."

"వాడలేదు" అన్నది నా ఊహ. నిజం కాకపోతే ఆ వాక్యం కొట్టెయ్. ఆర్డర్ నంబర్ నీకొచ్చిన మెయిల్‌లోనో మెసేజ్‌లోనో దొరుకుతుంది. మోడల్ నంబర్ మామూలుగా కెటిల్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. గుర్తున్నట్టుగా ఏదో ఒకటి రాసెయ్యకు, ఒక్క అంకె తప్పినా నీ ఆర్డర్ వాళ్లకు దొరకదు.

"నాకు ____ కావాలి" అన్న చోటే అసలు సంగతి. అది రాయకపోతే వాళ్లకు ఖర్చు తక్కువయ్యేది వాళ్లే ఎంచుకుంటారు. మరమ్మతు చేస్తామనో, తర్వాతి కొనుగోలుకి కూపన్ ఇస్తామనో అంటారు. నీళ్లూ కరెంటూ కలిసే వస్తువుకి పగులు అతికించి ఇస్తే నేనైతే ఒప్పుకోను. "కొత్తది ఇవ్వండి, స్టాక్ లేకపోతే డబ్బు తిరిగి ఇవ్వండి" అని వరుసగా రాస్తే మళ్లీ ఉత్తరాలు నడపక్కర్లేదు. అయినా కొన్నది నువ్వు, నిర్ణయం నీదే.

ఈ ఒక్క ఫొటో చాలదు. కెటిల్ మొత్తం కనబడేలా ఒకటి, పగులు దగ్గరగా ఒకటి, పెట్టె మీది లేబుల్ ఒకటి తియ్యి. లేబుల్‌లో నీ అడ్రస్ ఉంటుంది కాబట్టి ఆ ఫొటో కంపెనీకి తప్ప ఎవరికీ పంపకు. పెట్టె, లోపలి ప్యాకింగ్ పారెయ్యకు, వెనక్కి పంపమంటే అవి కావాలి. పని చేస్తుందో లేదో చూద్దామని మాత్రం ప్లగ్ పెట్టకు.

ఖాళీలు నింపి పంపే ముందు ఒకసారి నాకు చూపించు.

నాన్న