ఏడాదికి పది నెలలా?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ పొదుపు పేజీలో డిపాజిట్ మీద బారువడ్డీ ఎలా కట్టాలో ఒక ఉదాహరణ వేశారు. సవరణ వేస్తారేమోనని ఆరు రోజులు ఎదురుచూశాను. రాలేదు గనుక రాస్తున్నాను.

అసలు 40,000 రూపాయలు, ఏడాదికి 9 శాతం, గడువు 1 సంవత్సరం 3 నెలలు. మీ వ్యాసకర్త ఈ గడువును 1.3 సంవత్సరాలుగా మార్చి 4,680 రూపాయల వడ్డీ తేల్చారు. ఏడాదికి పది నెలలైతే అది సరైన లెక్కే! నాకు తెలిసి ఇంకా పన్నెండే ఉన్నాయి. మూడు నెలలంటే పన్నెండింట మూడు, అంటే పావు ఏడాది. గడువు 1.25 సంవత్సరాలు, వడ్డీ 4,500.

నమ్మకం కుదరకపోతే దశాంశాల జోలికే పోవద్దు. ఏడాది వడ్డీ 3,600. దాన్ని పన్నెండుతో భాగిస్తే నెలకు 300. పదిహేను నెలలకు 4,500. ఇంతే.

ఆయన పద్ధతిలోనే 1 సంవత్సరం 10 నెలలకు కట్టి చూడండి. 1.10 అని రాస్తారు కాబోలు, వడ్డీ 3,960 వస్తుంది. అంటే ఇంకో ఏడు నెలలు డబ్బు ఉంచినందుకు వడ్డీ 720 తగ్గిందన్నమాట! నిజానికి 22 నెలలకు 6,600 రావాలి. అచ్చుకు పంపే ముందు ఇలా ఒక్కసారి సరిచూసే మనిషే లేడా మీ దగ్గర? ఒకప్పుడు పత్రికలో అచ్చుతప్పు పడితే మర్నాడే సవరణ వేసేవారు. ఇప్పుడు ఎక్కడ అడిగినా, కౌంటర్ల దగ్గరి గుమాస్తాలతో సహా, ‘కంప్యూటర్ అలాగే చూపిస్తోందండీ’ అంటారు. కంప్యూటర్‌కు 1.3 అని చెప్పింది ఎవరో!

ఇంకో మాట. నెలకు ఇంత శాతమని ముందే భాగించి, కత్తిరించి పెట్టుకోమని మీ వ్యాసంలో సలహా కూడా ఉంది. 9 శాతానికి నెలకు 0.75 అని తెగుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. 7 శాతమైతే 0.5833... అని సాగుతూనే ఉంటుంది. 0.58 దగ్గర కోసేస్తే ఇదే డిపాజిట్‌కు పదిహేను నెలలకు 3,480 వస్తుంది. అసలును, రేటును, నెలలను ముందు గుణించి, చివర్లో ఒక్కసారే 1200తో భాగిస్తే సరిగ్గా 3,500. ఇదంతా బారువడ్డీకే సుమా. వడ్డీని మధ్యలో అసలుకు కలిపే డిపాజిట్లకు ఈ లెక్క పనికిరాదు. ఆ తేడా మీ వ్యాసంలో ఒక్క ముక్కయినా లేదు.

ఫోన్ చేస్తే మీ కార్యాలయంలో ఒకాయన, ‘180 రూపాయల తేడాకే ఇంత గొడవా’ అన్నారు. ఈసారి చందాలో 180 తగ్గించి కడతాను. ఆయన్నే రసీదు రాయమనండి.

— ఒక పాత చందాదారు