మన కాలనీ సంఘం వార్షిక నివేదిక 2025-26: గురుపూజోత్సవం, బాలల దినోత్సవం ఎట్ల జరిగినాయంటే

సభ్యులందరికీ నమస్కారం. డ్రైనేజీ సంగతి, వీధి లైట్ల సంగతి జనరల్ బాడీలో శానాసేపు మాట్లాడుకున్నాం కాబట్టి మళ్లీ రాయడంల్యా, జమాఖర్చులు ట్రెజరర్ గారి దగ్గర ఉన్నాయి ఎవరైనా పోయి చూసుకోవచ్చు. ఈసారి నివేదికంతా మన కాలనీ పక్కన హైస్కూల్లో సెప్టెంబర్‌లో, నవంబర్‌లో చేసిన రెండు ప్రోగ్రాముల గురించే, ఎందుకంటే ఈ రెండిటి మీదే సభ్యులు ఎక్కువ అడిగినారు, కొంతమంది కోప్పడినారు కూడా.

మొదట తేదీ గొడవ. సెప్టెంబర్ 5 రాధాకృష్ణన్ గారి పుట్టినరోజు, ఆయన 1962లో రాష్ట్రపతి అయినప్పటి నుంచి ఆ రోజు టీచర్స్ డే చేస్తున్నారు, ఇది అందరికీ తెలిసిందే. 2025లో ఆ తేదీ శుక్రవారం పడింది, అదే రోజు మిలాదున్నబీ సెలవు. కడపలో మిలాద్ రోజు బడి తెరిపిస్తామంటే ఎవరొస్తారు, సగం మంది పిల్లోళ్లు జులూస్‌లో ఉంటారు. అందుకని 4వ తేదీ గురువారమే చేద్దామని హెడ్మాస్టర్ సారు అన్నారు, మేమూ సరే అన్నాం. కానీ ఒక రోజు ముందుకు జరిగితే ఒక రోజే పోయిందనుకుంటే పొరపాటు, ఆగస్టు 27 వినాయక చవితి, 29న తెలుగు భాషా దినోత్సవం, క్రీడా దినోత్సవం రెండూ ఒకే రోజు, ఆ వారమంతా పిల్లలు ఒకచోట కూర్చోరు. అందుకే చవితికి ముందే పని మొదలు పెట్టించినాం.

పని అంటే స్వపరిపాలన. మనం చదివినప్పుడూ ఉండేది, తొమ్మిది పది తరగతుల పిల్లలు ఆ పూట టీచర్లయి కింది తరగతులకు పాఠం చెప్తారు, ఒకరు హెడ్మాస్టర్, ఒకరు ఎంఈఓ, ఒకరు కలెక్టర్. ఆడపిల్లలు అమ్మ చీర కట్టుకుని వస్తారు, మగపిల్లలు తెల్ల చొక్కా వేసుకుంటారు, ఫోటోలు బ్రహ్మాండంగా వస్తాయి. పాఠం మాత్రం సగం క్లాసుల్లో ఉండదు. గైడ్ పట్టుకుని చదివేస్తారు, లేకపోతే పది నిమిషాల్లో అయిపోయి అంత్యాక్షరి మొదలు పెడతారు. ఇంకోటి గమనించండి, టీచర్ వేషం వేసిన పిల్లోడు మొట్టమొదట వెతుక్కునేది బెత్తం. విద్యాహక్కు చట్టం 2009లోనే పిల్లల్ని కొట్టకూడదని చెప్పింది, అయినా టీచర్ అంటే వాళ్లకు గుర్తొచ్చేది అదే, ఎవరిని చూసి నేర్చుకున్నారో మనకు తెలీదా ఏంది.

కాబట్టి ఈసారి స్టాఫ్‌తో కూర్చుని కొన్ని మాటలు అనుకున్నాం. బెత్తం లేదు. టీచర్ వేషానికి ఫస్ట్ ర్యాంకోళ్లనే తీసుకోవద్దు, ఎవరు చేయి ఎత్తితే వాళ్లను తీసుకోవాల. పీరియడ్ ఇరవై అయిదు నిమిషాలే, దాంట్లో ఒకే ఒక్క సంగతి చెప్పాల, పాఠం మొత్తం కాదు. ప్రతి పిల్ల టీచరు అర పేజీ ప్లాన్ రాసుకోవాల: మొదట ఏం అడుగుతాను, బోర్డు మీద ఏం రాస్తాను, పిల్లల చేత ఏం చేయిస్తాను, చివర్లో ఏ రెండు ప్రశ్నలు వేస్తాను. ఆ ప్లాన్ సబ్జెక్టు టీచర్ ముందు ఒకసారి నిలబడి చెప్పి చూపించాల. ఈ చివరిదే అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే తప్పు చెప్తే అక్కడే దొరికిపోతుంది, కింది తరగతి పిల్లల ముందు కాదు.

ఒక క్లాసు గురించి చెప్తా. పదో తరగతి పాప ఒకామె ఆరో తరగతికి భిన్నాల కూడిక తీసుకుంది. బోర్డు మీద 1/2 + 1/3 రాసి ఎంత అని అడిగింది, క్లాసు క్లాసంతా 2/5 అని అరిచినారు, పైనవి పైన కిందివి కింద కూడేసినారన్నమాట. ట్రయల్ రోజు ఈ పాప వెంటనే "తప్పు, కసాగు తీయాల" అని చెప్పేసిందంట, లెక్కల మేడం ఆపి, వాళ్లకు తప్పు అని నువ్వు చెప్పొద్దు వాళ్లకే కనపడేటట్టు చెయ్యి అన్నారంట. ఆ రోజు పాప ఏం చేసిందంటే, సగం పెద్దదా 2/5 పెద్దదా అని అడిగింది. కాసేపు గమ్మున ఉన్నారు, తర్వాత ఒక పిల్లోడు లేచి సగమే పెద్దది కదక్కా అన్నాడు (అక్కా అన్నాడు, మేడం అనలేదు, అందరూ నవ్వినారు). మరి సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తక్కువ ఎట్ల అయింది అంది పాప. అప్పుడు కాగితం పట్టీలు ఇచ్చి ఆరు భాగాలుగా మడిచి గీతలు కొట్టమంది, సగం అంటే మూడు గళ్లు, మూడో వంతు అంటే రెండు గళ్లు, రంగు వేస్తే అయిదు గళ్లు, 5/6. కసాగు అనే మాట చివరి అయిదు నిమిషాల్లో వచ్చింది. వెనక బెంచీలో కూర్చున్న సారోళ్లు కూడా ఫోన్లు పక్కన పెట్టినారు.

అన్ని క్లాసులూ ఇట్లే జరగలేదు. సోషల్ క్లాసు ఒకటి అల్లరైపోయింది, ఎందుకంటే ఆ అబ్బాయి ప్లాన్‌లో పిల్లల చేత చేయించే పని ఏమీ లేదు, అంతా తనే చెప్పుకుంటూ పోయినాడు. బహుమతి ఎవరికివ్వాలనేది కూడా ఈసారి మార్చినాం. ముందు చీర బాగుందని, గొంతు బాగుందని ఇచ్చేవాళ్లు. ఇప్పుడు పీరియడ్ అయిపోగానే కింది తరగతిలో ఎవరో అయిదుగురి నోట్‌బుక్కులు తీసి, చివరి రెండు ప్రశ్నలకు జవాబు వచ్చిందా లేదా అని చూసి ఇచ్చినాం. దీని మీద కొందరు తల్లిదండ్రులు అలిగినారు, అలగనీండి.

సన్మానం గురించి. శాలువాలు ఈసారి వద్దన్నాం, ప్రతి టీచరింట్లో బీరువా నిండా అవే ఉంటాయి. మధ్యాహ్న భోజనం వండే అక్కోళ్లని, ఆయమ్మని కూడా స్టేజీ మీదికి పిలిచినాం. ముఖ్య అతిథిని పిలవలేదు, ఇదే కొంతమంది సభ్యుల కోపానికి కారణం. పిలిస్తే పదకొండుకొస్తామని ఒంటిగంటకు వస్తారు, అంతవరకు ఎండలో పిల్లలు, అక్కడ అన్నం చల్లారిపోతుంది. ఆ ఖర్చు మిగిలింది, అది నవంబర్‌కి వాడినాం.

నవంబర్ 14 దగ్గర వేరే తంటా. హైస్కూలు పిల్లలకు సమ్మేటివ్ పరీక్షలు సరిగ్గా అప్పుడే. పొద్దున పరీక్ష రాసి మధ్యాహ్నం డ్యాన్సు చేయమంటే ఎవరికీ బాగుండదు, పైగా నవంబర్ వానలు, షామియానా వేస్తే డబ్బులు నీళ్లపాలు. అందుకే 14న ప్రైమరీ పిల్లలకు మాత్రం వరండాలో కథలు, ఆటలు, బొరుగుల మసాలా పెట్టి వదిలేసి, పెద్ద పిల్లల ప్రోగ్రాం 16 ఆదివారం లైబ్రరీలో పెట్టినాం. 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, ఎట్లా కుర్చీలూ మైకూ ఉంటాయి. మన దేశంలో నెహ్రూ గారి పుట్టినరోజని నవంబర్ 14న బాలల దినోత్సవం చేస్తారు, 20 ప్రపంచ బాలల దినం. అంటే ఆ వారంలో ఏ రోజు చేసినా తప్పేం లేదు, 14నే చేయాలని పట్టుబట్టినోళ్ల కోసం రాస్తున్నా. పిల్లలు ఒక్కొక్కరు తమకు నచ్చిన పుస్తకంలో ఒక పేజీ పైకి చదవడం, అంతే, పోటీ లేదు. వచ్చినోళ్లు తక్కువే, కానీ అమ్మానాన్నలు ఉపన్యాసాలు లేవని ఆఖరుదాకా కూర్చున్నారు.

ఇంక వచ్చే ఏడు క్యాలెండర్ ఇప్పుడే చూసుకోండి. 2026లో సెప్టెంబర్ 5 శనివారం, బడి ఉంటుంది, కానీ ముందు రోజు 4న కృష్ణాష్టమి సెలవు, కాబట్టి ట్రయల్ 3వ తేదీ లోపలే అయిపోవాల. నవంబర్ 14 రెండో శనివారం, బడికి సెలవు, 13 శుక్రవారం చేద్దామని మా ఆలోచన, హెడ్మాస్టర్ సారుతో జూలైలోనే మాట్లాడతాం. నోట్‌బుక్కులు చూసే పనికి లెక్కలు, సైన్స్ తెలిసిన రిటైర్డ్ సారోళ్లు ఇద్దరు ముగ్గురు కావాల, మన కాలనీలో ఉన్నారు, ఆసక్తి ఉంటే సెక్రటరీకి పేరు ఇవ్వండి.