ఆ సాచెట్ల లెక్క

నాన్నగారికి,

నమస్కారం. రాత్రి మూత్రానికి ఒక్కసారే లేచారని అమ్మ నిన్న ఫోన్‌లో చెప్పాక నా టెన్షన్ కాస్త తగ్గింది. డి విటమిన్ సాచెట్లు ఎక్కువ వేసుకున్న సంగతి మీద మీరు ఫోన్ అందుకుని అడిగిన మాటకి మాత్రం అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "విటమిన్లే కదమ్మా, ఎక్కువైతే మూత్రంలో పోవా?" అన్నారు. రోజూ ల్యాబ్‌లో ఇవే రిపోర్టులు చూసే దాన్ని, కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

మీరన్నది సగం నిజం. బీకాంప్లెక్స్ వేసుకున్న రోజు మూత్రం పసుపురంగులో ముదురుగా వస్తుందని మీరే నవ్వేవారు గుర్తుందా? అది ఒంటికి అక్కర్లేని బి2 బయటికి పోవడమే. బి విటమిన్లూ, సి విటమినూ నీళ్లలో కరుగుతాయి. మిగిలింది కిడ్నీలు వడకట్టేస్తాయి. అందుకే నిల్వ కూడా తక్కువే. బి1 అందకపోతే కొన్ని వారాల్లోనే లోటు బయటపడుతుంది. బి12 ఒక్కటే వేరు, అది లివర్‌లో ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది. అలాగని నీళ్లలో కరిగేవన్నీ ఎంతైనా వేసుకోవచ్చనుకోకండి. బి6 పెద్ద మోతాదులో నెలల తరబడి వాడితే నరాలు దెబ్బతిని కాళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆ తిమ్మిరి చూసి ఇంకో బి6 మాత్ర వేసుకునేవాళ్లూ ఉన్నారు!

ఎ, డి, ఇ, కె కొవ్వులో కరిగేవి. వాటిని కిడ్నీ నేరుగా బయటికి పంపలేదు. డి అయితే కొవ్వులో చేరి, నెలల పాటు నెమ్మదిగా రక్తంలోకి వస్తూనే ఉంటుంది.

ఇక మీ లెక్క. మొదటి పరీక్షలో డి 11 ఉంది. 20 కన్నా తక్కువైతే లోటు కిందే లెక్క, మీ నడుమునొప్పికి అదీ ఒక కారణం కావచ్చు. అందుకే డాక్టరు గారు 60,000 యూనిట్ల సాచెట్ వారానికి ఒకటి, 8 వారాలు రాశారు. మొత్తం 4,80,000 యూనిట్లు. మీరు రోజుకొకటి చొప్పున 40 రోజులు వేసుకున్నారు. అంటే 24 లక్షలు, సరిగ్గా 5 రెట్లు. మామూలుగా మీ వయసు వాళ్లకి రోజుకి కావలసింది 800 యూనిట్లు. తప్పు మీ ఒక్కరిదే అనను, చీటీ మీద "వారానికి" అన్న మాట నాకే ఫోటోలో రెండుసార్లు చూస్తేగానీ కనబడలేదు.

డి ఎక్కువైతే నేరుగా ఇబ్బంది పెట్టేది క్యాల్షియం. లివర్ వచ్చిన డి అంతటినీ దాదాపు అడ్డు లేకుండా రక్తంలో తిరిగే రూపంలోకి మార్చేస్తుంది. ఆ మారిన డి మరీ పెరిగితే పేగుల నుంచి క్యాల్షియం ఎక్కువగా ఎక్కుతుంది, ఎముకల నుంచీ కరిగి వస్తుంది. రక్తంలో క్యాల్షియం పెరిగితే కిడ్నీ నీళ్లని పట్టి ఉంచలేదు. అందుకే ఆ దాహం, ఆ రాత్రి లేవడాలు. నీళ్లు పోయేకొద్దీ ఒళ్లు ఎండి, క్యాల్షియం ఇంకా చిక్కబడుతుంది. మలబద్ధకం, వాంతి వచ్చినట్టుండటం, అమ్మ చెప్పిన ఆ మతిమరుపు, అన్నీ దాని వల్లే. షుగరేమో అని మీరు అనుకున్నారు, దాహం చూస్తే ఎవరికైనా అదే అనిపిస్తుంది.

రిపోర్టులో క్యాల్షియం 13.1 వచ్చింది, 10.5 దాటకూడదు. డి 190. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథి వదిలే, రక్తంలో క్యాల్షియం పెంచే హార్మోన్ బాగా తగ్గి ఉంది. ఇది ముఖ్యం నాన్నా. ఆ గ్రంథి వల్ల క్యాల్షియం పెరిగి ఉంటే ఆ హార్మోన్ ఇంతగా తగ్గి ఉండదు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.9కి పెరిగింది కాబట్టి కిడ్నీకీ దెబ్బ తగిలింది. పైగా మీ బీపీ మాత్రలో ఉన్న థయజైడ్ మందు క్యాల్షియాన్ని మూత్రంలోకి పోనివ్వదు. అందుకే దాన్ని మార్చారు.

సెలైన్ పెట్టి ఒళ్లు తడిపాక క్యాల్షియం 10.2కి దిగింది. కానీ కొవ్వులో ఉన్న డి ఇంకా ఉంది. రక్తంలో అది సగానికి తగ్గడానికే మామూలుగా రెండు మూడు వారాలు పడుతుంది, ఇంత ఎక్కువైనప్పుడు ఇంకా ఆలస్యం అవుతుంది. అందుకే క్యాల్షియం మళ్లీ పైకి రావచ్చు. బాగున్నాను కదా అని వారం వారం రక్తపరీక్ష మానేయకండి. పేగుల్లో క్యాల్షియం ఎక్కకుండా ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. వాటిని మెల్లగా తగ్గిస్తూ ఆపాలి.

ఎండలో కూర్చోవచ్చా అని అడిగారు. ఎండ వల్ల డి ఇలా మితిమీరదు, ఎక్కువైనది చర్మంలోనే విరిగిపోతుంది. అయినా కొన్ని నెలలు ఎండలో ఎక్కువసేపు కూర్చోకండి.

ఒక్క పని చేయండి. మందుల డబ్బాలో ఉన్న సీసాలన్నిటి లేబుళ్లూ చెల్లి చేత ఫోటో తీయించి పంపండి. క్యాల్షియం మాత్రల్లోనూ, మల్టీవిటమిన్‌లోనూ డి కలిపి ఉంటుంది. అవి నేను చూసేదాకా దేన్నీ ముట్టుకోకండి. బీపీ మాత్ర, స్టెరాయిడ్ మాత్రం డాక్టరు గారు చెప్పినట్టే వేసుకోండి.

మీ
పెద్దమ్మాయి