మార్కుల జాబితా చేతిలో ఉండగా అంచనాలెందుకు?

సంపాదకులకు,

ఈమధ్య మీ విద్యా పేజీలో, మోడల్ టెస్టు మార్కుల సగటు, ఆ సగటు చుట్టూ మార్కులు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్ తెలిస్తే కాలేజీలో ఎంతమంది ఫలానా కటాఫ్ దాటుతారో ఎక్సెల్‌లో లెక్కేసుకోవచ్చని ఒక వ్యాసం వేశారు. డిగ్రీ కాలేజీలో చాలా ఏళ్లు స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. మా సబ్జెక్టు పేపర్లో కనబడితే నాకు సంతోషమే. ఆ సంతోషం సాయంత్రం దాకా కూడా నిలవలేదు.

మా వీధిలో ఉండే ఒకావిడ ఫోన్ పట్టుకుని వచ్చింది. కొడుకు ఈఏపీసెట్‌కి తయారవుతున్నాడు. కాలేజీ వాళ్లు మెసేజ్ పంపారట: 160 మార్కుల మోడల్ టెస్టు, రాసినవాళ్లు 600 మంది, సగటు 62, స్టాండర్డ్ డీవియేషన్ 25. ఆవిడ మీ వ్యాసం చూసి 100 మార్కుల కటాఫ్‌కి లెక్క కట్టింది.

"సార్, నూటికి 94 మందికి 100 దాటుతాయని చూపిస్తోంది. మావాడికి 71 వచ్చాయి. అంటే మావాడొక్కడే వెనకబడ్డాడా?" అంది. గొంతులో ఏడుపు ఉంది.

ఆవిడ కొట్టిన ఫార్ములా ఇది:

```
=NORM.DIST(100,62,25,TRUE)
```

జవాబు 0.936. మీ వ్యాసంలో అచ్చయింది అచ్చంగా ఇదే. తప్పు ఆవిడది కాదు. మార్కులన్నీ సగటు దగ్గర ఎత్తుగా, రెండు పక్కలా సమానంగా తగ్గే గంట ఆకారంలో ఉన్నాయనుకుని, 100 లోపు ఎంత వాటా ఉందో చెబుతుంది ఈ ఫంక్షన్. పైన ఎంతుందో కావాలంటే ఒకటిలోంచి తీసెయ్యాలి:

```
=1-NORM.DIST(100,62,25,TRUE)
```

ఇప్పుడు 0.064 వస్తుంది. నూటికి ఆరుగురు. 600 మందిలో 39 మంది. సగటే 62 ఉన్న క్లాసులో 94 శాతం మంది 100 దాటడం ఎలా కుదురుతుందని అచ్చువేసే ముందు ఎవరైనా ఒక్కసారి అడిగి ఉంటే ఈ పొరపాటు అక్కడే దొరికేది. చివర్లో ఉన్న TRUE బదులు FALSE కొడితే ఇంకో గందరగోళం. అప్పుడు వచ్చేది వాటా కాదు, ఆ గంట ఆకారపు గీత 100 దగ్గర ఎంత ఎత్తులో ఉందో ఆ అంకె. ఇక్కడైతే 0.005. దాన్ని అర శాతం అనుకునేవాళ్లూ ఉంటారు.

ఇది మామూలు అచ్చుతప్పే అయితే ఇంత ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఆవిడకి సరైన ఫార్ములా చెప్పి, టీ ఇచ్చి పంపేశాను. రాత్రి మాత్రం ఆ 39 నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్లలో ఒకతను నా పాత స్టూడెంటు. పేర్లు తీసేసి మార్కులు మాత్రం పంపమని అడిగితే మర్నాడు పంపాడు. ఎక్సెల్‌లో ఒకే ఒక్క కాలమ్, 600 అంకెలు. 100, ఆపైన వచ్చినవాళ్లని లెక్కపెట్టాను.

```
=COUNTIF(B2:B601,">=100")
```

71 మంది. ఫార్ములా 39 అంది, ఉన్నవాళ్లు 71. దాదాపు రెట్టింపు. 80 కటాఫ్‌కి చూస్తే ఫార్ములా 141 అంది, నిజానికి ఉన్నది 131. అంటే ఒకచోట తక్కువ చూపించింది, ఇంకోచోట ఎక్కువ చూపించింది. ఏదో ఇంత శాతం కలుపుకుంటే సరిపోతుంది అనుకోవడానికి కూడా లేదు.

ఎందుకిలా అయిందో పదేసి మార్కుల చొప్పున విడదీసి చూస్తే తెలిసిపోయింది. 40 నుంచి 60 దాకా పెద్ద కుప్ప, అక్కడే 269 మంది. 60లలో 79, 70లలో 34, 80లలో 28. గంట ఆకారమే అయితే అక్కణ్ణుంచి చకచకా పడిపోవాలి. పడలేదు. 90లలో 32 మంది, 100 నుంచి 109 దాకా 31 మంది, ఆపైన ఇంకో 40 మంది. కొండ దిగాక మళ్లీ ఒక గట్టు వచ్చినట్టుంది. నా స్టూడెంటుకి ఫోన్ చేసి "మీ దగ్గర స్టార్ బ్యాచ్ ఉందా?" అని అడిగాను. నవ్వాడు. "ఉంది సార్, 150 మంది. వాళ్లకి వేరే సెక్షన్లు, వేరే లెక్చరర్లు. టెస్టు మాత్రం అందరికీ ఒక్కటే."

అదీ సంగతి. ఆ కాలేజీలో ఉన్నది ఒక గుంపు కాదు, రెండు. స్టార్ బ్యాచ్ 150 మందికి సగటు 98, డీవియేషన్ 18. మిగతా 450 మందికి సగటు 50, డీవియేషన్ 12. రెండూ కలిపేస్తే 62, 25 అని వస్తుంది. ఆ 62 రెండు గుంపుల్లో ఏ ఒక్కదానికీ సగటు కాదు. ఇప్పుడు అదే ఫార్ములాని రెండు గుంపులకీ విడివిడిగా వాడి చూడండి. స్టార్ బ్యాచ్‌లో 100 దాటే వాటా 0.456, అంటే 68 మంది. మిగతా 450 మందిలో, లెక్క ప్రకారం, ఒక్కరూ లేనట్టే. మొత్తం 68. జాబితాలో ఉన్నది 71. ఇంత దగ్గరగా వచ్చిందంటే ఫార్ములాలో దోషం లేదన్నమాట. ఒకే గంట కింద రెండు గుంపుల్ని కుక్కడమే తప్పు.

జాబితా చేతికి రాకపోతే ఈ తేడా కనిపెట్టడమెలా అని అడగొచ్చు. రెండు పద్ధతులున్నాయి. మొదటిది, సగటుతో పాటు మధ్యగతం కూడా అడగాలి. అందర్నీ మార్కుల వరుసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉండే పిల్లవాడి మార్కు అది. గంట ఆకారంలో సగటూ మధ్యగతమూ ఒకటే అవ్వాలి. ఇక్కడ సగటు 62 అయితే మధ్యగతం 55. ఏడు మార్కుల తేడా ఉంటే గీత ఒకవైపు లాగినట్టే. మా వీధి కుర్రాడి 71 నిజానికి సగం క్లాసుకన్నా బాగా పైన ఉన్న మార్కు. వాళ్లమ్మకి ఆ మాట చెప్పాకే ప్రాణం కుదుటపడింది.

రెండోది, అసాధ్యమైన మార్కు గురించి ఫార్ములాని అడగడం. సున్నా కంటే తక్కువ ఎంతమందికి వస్తాయని ఈ 62, 25లతో అడిగితే 0.0066 అంటుంది, అంటే 600లో నలుగురు. నెగటివ్ మార్కులే లేని పరీక్షలో నలుగురికి మైనస్ మార్కులు! నలుగురే కదా అని వదిలేయకూడదు. కింది తోక అబద్ధం చెబుతోందంటే పై తోకని కూడా నమ్మలేం. కటాఫ్ ఎప్పుడూ ఆ పై తోకలోనే ఉంటుంది.

అసలు ఈ ఫంక్షన్ అవసరమయ్యేది విడివిడి మార్కులు దొరకనప్పుడు. సగటూ డీవియేషనూ మాత్రమే చేతిలో ఉండి, అందరూ ఒకే రకం గుంపు అని నమ్మడానికి కారణం ఉన్నప్పుడు. మార్కులన్నీ కంప్యూటర్లో పెట్టుకున్న కాలేజీ యాజమాన్యానికి దీంతో పనేమిటి? COUNTIF కొడితే సరిపోతుంది. ఇక ఒక్క కాలేజీ 62, 25లు తీసుకుని రాష్ట్రం మొత్తానికి అంచనా కటాఫ్ వేసే కరపత్రాల గురించి చెప్పడం కూడా దండగ.

మరి మార్కులకి గంట ఆకారం ఎక్కడైనా కచ్చితంగా వస్తుందా అంటే, వస్తుంది. అది వచ్చే చోటు చూస్తే మీ పాఠకులకి ఆశ్చర్యమేస్తుంది. ఏమీ చదవకుండా, ప్రశ్న కూడా చూడకుండా 160 ప్రశ్నలకీ గుడ్డిగా బబుల్స్ నింపేవాళ్ల దగ్గర. నాలుగు ఆప్షన్లలో ఒకటి తగిలే అవకాశం పావు వంతు. ఒక ప్రశ్నకి తగిలిందా లేదా అన్నదానికీ తర్వాతి ప్రశ్నకీ సంబంధం ఉండదు. చదివినవాళ్ల సంగతి వేరు. లెక్కలు వచ్చినవాడికి వరసగా నలభై వస్తాయి, రానివాడికి వరసగా పోతాయి. ఒకదానితో ఒకటి సంబంధం లేని చిన్న చిన్న అదృష్టాల్ని కూడితే గంట ఆకారం వస్తుందని గణితవేత్త డి మోవర్ 1733లోనే బొమ్మాబొరుసు లెక్కతో చూపించాడు.

గుడ్డిగా పెట్టేవాళ్ల సగటు 160లో పావు, అంటే 40. స్టాండర్డ్ డీవియేషన్ 160 × 1/4 × 3/4 కి వర్గమూలం, అంటే 30 వర్గమూలం, దాదాపు ఐదున్నర. ఇప్పుడు ఈఏపీసెట్ అర్హత మార్కు గుర్తు తెచ్చుకోండి. ఎస్సీ, ఎస్టీలకి కనీస మార్కు లేదు. మిగతావాళ్లకి 25 శాతం, అంటే అదే 40.

```
=1-NORM.DIST(39.5,40,SQRT(30),TRUE)
```

జవాబు 0.536. మార్కులు అంకెల్లోనే వస్తాయి కాబట్టి, 40 కూడా లెక్కలోకి రావాలంటే 39.5 దగ్గర గీత గీయాలి. మీ వ్యాసంలో ఈ అర మార్కు ప్రస్తావనే లేదు. పెద్ద డీవియేషన్ ఉన్నచోట దానివల్ల పోయేదేమీ లేదు. ఇక్కడ మాత్రం యాభై శాతమా, యాభై మూడు పైనా అన్నది దానిమీదే ఆధారపడింది.

అంటే ప్రశ్నపత్రం చదవకుండా రాసినవాళ్లలో సగం పైగా క్వాలిఫై అవుతారు. 50, ఆపైన తెచ్చుకునేవాళ్లు నూటికి నలుగురు. 60 దాటాలంటే మాత్రం పదివేల మందిలో ఇద్దరు కూడా కష్టం. ఇంకొంచెం ముందుకెళ్దాం. ఒకడికి 160లో 20 ప్రశ్నలే కచ్చితంగా వచ్చు, మిగతా 140 గుడ్డిగా పెట్టాడు. వాడి సగటు 55 అవుతుంది, డీవియేషన్ ఐదు పైచిలుకు. అలాంటివాళ్లలో 40 దాటేవాళ్లు వెయ్యికి దాదాపు 999 మంది.

ఫలితాల రోజున మీ పత్రికతో సహా అన్ని పత్రికలూ మొదటి పేజీలో వేసేది ఈ క్వాలిఫై శాతాన్నే. కాలేజీల హోర్డింగుల మీద కూడా అదే. వచ్చే ఫలితాలకైనా దాని పక్కనే 60 దాటినవాళ్లు ఎంతమందో, మధ్యగతం ఎంతో కన్వీనర్ని అడిగి వేయండి. ఆ రెండంకెలకి ఒక్క లైను చోటు చాలు. అంతకంటే ముందు, ఆ ఫార్ములాకి సవరణ వేయండి. మా వీధి ఆవిడ నా దగ్గరికి వచ్చింది. రానివాళ్లు ఎంతమంది ఆ 94 శాతం చూసుకుని పిల్లల్ని తిడుతున్నారో.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాటిస్టిక్స్ లెక్చరర్,
అనంతపురం