మీ జవాబు గురించి మళ్లీ ఫిర్యాదు: ఫంక్షన్ తర్వాత అతిథికి కడుపు చెడితే ఏం రాయాలి

బాంకెట్ విభాగం మేనేజర్ గారికి,

నమస్కారం. శనివారం రాత్రి మీ హాల్లో జరిగిన విందుకు వచ్చిన అతిథిని నేను. మర్నాటి నుంచి నాకూ మా పిన్నికీ కడుపు చెడిందని సోమవారం ఉదయం మీకు మెయిల్ రాశాను. బుధవారం సాయంత్రం మీ జవాబు అందింది. ఈ రెండో ఉత్తరం భోజనం మీద కాదు, ఆ జవాబు మీద.

జరిగింది మళ్లీ చెబుతాను. మేమిద్దరం ఒకే టేబుల్ దగ్గర రాత్రి ఎనిమిదిన్నరకు తిన్నాం. ఆదివారం ఉదయం ఆరింటికి నాకు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి, ఆ వెంటనే నీళ్ల విరేచనాలు. పిన్నికి ఏడున్నరకు మొదలైంది. జ్వరం లేదు, వాంతులు లేవు. నాకు ఆ రాత్రికే తగ్గింది. పిన్ని వయసు 68, ఆమెకు సోమవారం మధ్యాహ్నం దాకా నీరసం వదల్లేదు. మీ భోజనం వల్లే ఇలా అయిందని నేనెక్కడా రాయలేదు. "మీకు తెలియజేయడం మంచిదనుకున్నాను" అన్నాను, అంతే.

మీరు నాలుగు వాక్యాలు రాశారు. రెండు వందల మందికి పైగా తిన్నారని, మరెవరూ ఫిర్యాదు చేయలేదని, కాబట్టి మేం బయట ఏదో తిని ఉంటామని, కలిగిన అసౌకర్యానికి చింతిస్తూ తర్వాతి బుకింగ్‌కు తగ్గింపు కూపన్ జత చేశామని. పిన్నికి ఎలా ఉందని అందులో ఒక్క మాట లేదు.

పెద్ద వంటశాలల్లో ఆహార భద్రత చూసే పనిలో నేను పద్నాలుగేళ్లు ఉన్నాను. ఇలాంటి ఉత్తరాలకు జవాబులు నేనూ రాశాను, మొదట్లో మీలాగే రాసి చీవాట్లూ తిన్నాను. అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

మరెవరూ ఫిర్యాదు చేయలేదంటే మరెవరికీ ఒంట్లో బాగోలేదని కాదు. ఒక రోజులో తగ్గిపోయే విరేచనాల గురించి చాలామంది హాలువాళ్లకు ఫోన్ చెయ్యరు, ఇంట్లోనే పడుకుని ఊరుకుంటారు. తెలుసుకోవాలంటే అడగాలి. ఫంక్షన్ చేసినవారికి ఫోన్ చేసి, "విందు తర్వాత ఎవరికైనా నలతగా ఉందా, మీ దృష్టికి వచ్చిందా?" అని మామూలుగా అడిగితే చాలు. మా పేర్లు చెప్పనక్కర్లేదు. బాగున్నవాళ్లు ఏం తిన్నారో కూడా కనుక్కోవాలి. జబ్బుపడినవాళ్లందరూ తిని, బాగున్నవాళ్లలో ఎక్కువమంది తినని వంటకం ఏదైనా ఉందా అన్నది అప్పుడే బయటపడుతుంది.

బయట తిన్నారేమో అన్న మాట పూర్తిగా తప్పని అనను. చివరిగా తిన్న దాన్నే అనుమానించడం మనుషులకు అలవాటు, అది చాలాసార్లు పొరపాటవుతుంది. విరేచనాలు తెప్పించే నోరోవైరస్ అయితే సాధారణంగా ఒంట్లోకి చేరిన 12 నుంచి 48 గంటలకు బయటపడుతుంది, పక్కవారి నుంచి కూడా అంటుకుంటుంది. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియాకు కొన్ని గంటలు పట్టవచ్చు, కొన్ని రోజులూ పట్టవచ్చు. నాకు తొమ్మిదిన్నర గంటలకు, పిన్నికి పదకొండు గంటలకు మొదలై, జ్వరం వాంతులు లేకుండా ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంది. పెద్ద గిన్నెల్లో వండి నెమ్మదిగా చల్లారిన కూరల్లో పెరిగే క్లాస్ట్రిడియం పెర్ఫ్రింజెన్స్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు తరచూ ఇలాగే కనిపిస్తుంది. అయినా మల పరీక్ష లేకుండా అదేనని నేను చెప్పలేను. కాదని మీరూ చెప్పలేరు. కానీ మీరు చెప్పేశారు. అలా చెప్పడంతో తప్పు మామీద పడింది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆలస్యం. వడ్డించిన ప్రతి వంటకంలోంచి కొంచెం తీసి మూడు రోజులు ఫ్రిజ్‌లో ఉంచే పద్ధతి చాలా పెద్ద వంటశాలల్లో ఉంది. మీ దగ్గర అలాంటి శాంపిళ్లు ఉండి ఉంటే, నా మెయిల్ అందిన సోమవారం ఉదయానికి ఇంకా ఉంటాయి. వాటిని పక్కన పెట్టమని ఎవరూ చెప్పకపోతే, మీరు జవాబు పంపిన బుధవారం సాయంత్రానికి గడువు ప్రకారం పారేసి ఉంటారు. అవి మీ వంటవాళ్ల తప్పు లేదని చూపించడానికి కూడా పనికొచ్చేవి.

కూపన్ ఇవ్వాలన్న ఆలోచన వెనక మంచి మనసే ఉండొచ్చు. కానీ ఏం జరిగిందో అడగకముందే ఇచ్చిన కూపన్ తప్పు ఒప్పుకున్నట్టూ ఉంటుంది, నోరు మూయించినట్టూ ఉంటుంది. దాన్ని వెనక్కి పంపుతున్నాను. అసౌకర్యం అన్న మాట కూడా వద్దు. ఏసీ పనిచేయకపోతే అసౌకర్యం. 68 ఏళ్ల మనిషి గోడ పట్టుకుని బాత్రూమ్‌కు వెళ్లడం అసౌకర్యం కాదు.

సోమవారం మధ్యాహ్నానికల్లా నాకు ఇలాంటి జవాబు వచ్చి ఉంటే నేను మళ్లీ రాసేదాన్ని కాదు:

"మీకూ మీ పిన్నిగారికీ ఒంట్లో బాగోలేదని తెలిసి చాలా బాధ కలిగింది. ఇప్పుడు ఎలా ఉన్నారు? ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగుతూ ఉండండి. విరేచనాల్లో రక్తం పడినా, జ్వరం ఎక్కువగా ఉన్నా, మూత్రం బాగా తగ్గినా, తాగిన నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా వెంటనే డాక్టరు దగ్గరకు వెళ్లండి. పెద్దవయసు కాబట్టి పిన్నిగారి విషయంలో ఆలస్యం చెయ్యకండి. మల పరీక్ష చేయించాలా అని డాక్టరును అడగండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందు చేయిస్తే మంచిది.

కారణం ఏమిటో ఇప్పుడే మేం చెప్పలేం, ఊహించడమూ సరికాదు. మీ మెయిల్ అందగానే ఆ రోజు శాంపిళ్లనూ, వండినప్పుడూ వడ్డించినప్పుడూ రాసుకున్న టెంపరేచర్ వివరాలనూ పక్కన పెట్టించాం. ఆ వారం వంటవాళ్లలో, వడ్డించినవాళ్లలో ఎవరికైనా కడుపు బాగోలేదా అని కనుక్కుంటున్నాం. మీకు ఓపిక ఉన్నప్పుడు చెప్పండి: ఎన్నింటికి మొదలైంది, ఏ లక్షణంతో మొదలైంది, మా దగ్గర ఏమేం తిన్నారు, అంతకుముందు మూడు రోజుల్లో ఎక్కడెక్కడ తిన్నారు, ఇంట్లో మరెవరికైనా ఇలా ఉందా. చివరి రెండూ మేం అందరినీ అడిగేవే, మిమ్మల్ని అనుమానించి కాదు. శుక్రవారం సాయంత్రంలోగా నేనే ఫోన్ చేసి ఏం తెలిసిందో చెబుతాను."

చూడండి, ఇందులో మీరు ఒప్పుకున్న తప్పేమీ లేదు. మామీద వేసిందీ లేదు. ఫుడ్ పాయిజనింగ్ అన్న మాటే రాలేదు, ఎందుకంటే అది డాక్టరో ల్యాబో తేల్చాల్సిన విషయం.

ఇప్పుడు నేను కోరేది మూడే. ఆ రాత్రి శాంపిళ్లు ఉన్నాయో పారేశారో ఉన్నదున్నట్టు చెప్పండి. ఫంక్షన్ చేసినవారిని అడిగి, ఇంకెవరైనా జబ్బుపడ్డారని తెలిస్తే స్థానిక ఆరోగ్య అధికారులకు తెలియజేయండి. పిన్నికి విడిగా, ఆవిడ పేరు మీదే ఒక ఉత్తరం రాయండి. ఆవిడ చిరునామా మొదటి మెయిల్‌లో ఉంది. వచ్చే సోమవారం దాకా చూస్తాను.

ఇట్లు,
శనివారం విందు అతిథి, ఏడో టేబుల్