కిలోమీటరుకు 12 పైసలు అని నేను అచ్చు వెయ్యలేదు

కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

అయ్యా,

నేను ఒడిశాలోని పర్లాకిమిడిలో డీటీపీ, ఫ్లెక్స్ పని చేసుకుంటాను. కరపత్రాలకు తెలుగులో మ్యాటర్ కూడా నేనే రాసిస్తాను. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. నేను వేసిన కరపత్రం పొద్దున్న ఇక్కడ పంచితే సాయంత్రానికి అక్కడ బడ్డీల్లో ఉప్మా పొట్లమై కనిపిస్తుంది. అసలు గొడవ కూడా ఇక్కడే ఉంది.

మొన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం నడిపే కుర్రాడు కంపెనీ నుంచి వచ్చిన డిజైను పట్టుకొచ్చాడు. "బాబాయ్, తెలుగు ఒక్కటి పెట్టేయ్, అంకెలు అలాగే ఉంచు" అన్నాడు. ఆ అంకెలివి: పెట్రోలు స్కూటరుకు కిలోమీటరుకు 2.75 రూపాయలు, మా స్కూటరుకు 12 పైసలు, ఏటా 28,800 ఆదా. పక్కన చిన్న చుక్క గుర్తు, దాని వివరం అట్టడుగున ఇంగ్లీషులో. పై అంకె 72 పాయింట్లలో ఉంటే కింది నోటు 6 పాయింట్లు. భూతద్దం పెట్టి చదవాల్సి వచ్చింది.

చదివాక లెక్క ఎలా వేశారో అర్థమైంది. పెట్రోలు లీటరు 110, మైలేజీ 40. స్కూటర్ బ్యాటరీ 3 యూనిట్లు, యూనిట్ 5 రూపాయలు, ఫుల్ ఛార్జికి 120 కిలోమీటర్లు. రోజుకు 30 కిలోమీటర్ల చొప్పున 365 రోజులు, ఆదివారం కూడా సెలవు లేకుండా. పన్నెండున్నర పైసల్లో అర పైసా మింగారు గాని, భాగహారంలో వేరే తప్పేమీ లేదు. తప్పంతా ఏ అంకె ఎక్కడి నుంచి తెచ్చారన్న దాంట్లో ఉంది.

110 ఆంధ్ర ధర. మా బంకుల్లో పెట్రోలు చవక, అవతలి వాళ్లు కూడా ఇటొచ్చి కొట్టించుకు పోతారు. పైగా 2017 జూన్ నుంచి పెట్రోలు ధర రోజువారీగా సవరించే పద్ధతి ఉంది, ఏ రోజు ధరో రాయకపోతే ఆ అంకెకు అర్థం లేదు. ఇక 120 కిలోమీటర్లు. దానికి సర్టిఫికెట్ ఉందన్నాడు కంపెనీ మనిషి, ఉంది కూడా. ఏఐఎస్ 040 అనే వాహన పరీక్షల ప్రమాణం ప్రకారం రోలర్ల మీద బండిని నడిపి ఇచ్చేది అది. ఆ పరీక్షలో వేగం 42 దాటదు, ఎదురుగాలి ఉండదు, వెనక మనిషి ఉండడు, మా ఆర్.ఉదయగిరి ఘాట్ అసలే ఉండదు. ఆ కాగితం రేంజ్‌కు సాక్ష్యమే గాని పైసలకు కాదు. నేనడిగింది 12 పైసలకు కాగితం. "ఆ లెక్క మా మార్కెటింగ్ వాళ్లు వేశారండీ" అన్నాడాయన.

సరే, మనమే కొలుద్దామనుకున్నాను. మా బావమరిదికి అదే రకం బండి ఉంది. వాడి ఇంట్లో ఛార్జర్ ప్లగ్గుకు ఒక సబ్‌మీటరు బిగించి, పది రోజులు పొద్దున్నా రాత్రీ రీడింగ్ నోటుబుక్కులో రాశాం. బండి తిరిగింది 340 కిలోమీటర్లు, మీటరు తిరిగింది 13.6 యూనిట్లు. అంటే గోడ దగ్గర లెక్కేస్తే యూనిట్‌కు 25 కిలోమీటర్లు. కంపెనీ లెక్కలో యూనిట్‌కు 40. ఈ తేడాలో కొంత రోడ్డుది, కొంత ఛార్జర్‌ది. ఛార్జింగ్‌లో ఇటుకలాంటి ఆ ఛార్జర్ వేడెక్కుతుంది, ముట్టుకుంటే తెలుస్తుంది, ఆ వేడికీ మీటరు తిరుగుతుంది. బ్యాటరీలోకి ఎంత వెళ్లిందన్నది కంపెనీ లెక్క, గోడలోంచి ఎంత వచ్చిందన్నది మన బిల్లు.

యూనిట్ రేటు సంగతీ అంతే. వాడి ఇంట్లో వాడకం ఎలాగూ నెలకు 200 యూనిట్లు దాటుతుంది కాబట్టి బండి తాగేవన్నీ పై శ్లాబులోకే పోతాయి, డ్యూటీతో కలిపి సుమారు 6 రూపాయలు. అలా కిలోమీటరుకు 24 పైసలు తేలింది. ప్రకటనలో చెప్పినదానికి సరిగ్గా రెట్టింపు. నా పాత పెట్రోలు స్కూటరును కూడా ట్యాంకు నిండా కొట్టించి, మళ్లీ నిండా కొట్టించి చూశాను: లీటరుకు 45. ఆ వారం మా బంకులో 102 రూపాయలు, అంటే కిలోమీటరుకు 2.27.

చూశారా, నిజం లెక్కలో కూడా కిలోమీటరుకు రెండు రూపాయలు మిగులుతోంది! అబద్ధం అవసరమే లేదు. కానీ మా ఊళ్లో రోజుకు 12 కిలోమీటర్లు తిరిగే మాస్టారికి ఏడాదికి మిగిలేది దాదాపు 8,900, అంతేగాని 28,800 కాదు. ఆయన ఆ పెద్ద అంకె చూసి వాయిదాలకు సంతకం పెడతాడు, నా టెన్షన్ అది. బ్యాటరీ సంగతి ఇందులో ఇంకా కలపలేదు. వారంటీ అయ్యాక అరవై వేలు పెట్టి బ్యాటరీ మార్చి, అది యాభై వేల కిలోమీటర్లు వచ్చిందనుకుందాం. కిలోమీటరుకు 1.20 దానికే పోతుంది. పెట్రోలు బండికి ఇంజనాయిలూ సర్వీసూ ఉంటాయి నిజమే, కానీ అవి ఎవరూ దాచట్లేదు.

ఆ కుర్రాడికి చివరికి పైసలు, ఆదా ఏమీ లేకుండా ఇలా రాసిచ్చాను: "రాత్రి ఇంట్లో ప్లగ్ పెట్టండి, పొద్దున్నే బయల్దేరండి. ఖర్చు సంగతి మా మాట మీద నమ్మొద్దు. షోరూంలో మీటరు పెట్టాం, ఛార్జికి ఎంత తిరుగుతుందో మీ కళ్లతో చూడండి. మీ కరెంటు బిల్లు, మీ బంకు స్లిప్పు తెచ్చుకోండి, లెక్క కలిసే వేద్దాం." "సగం ఖర్చు" అని కూడా రాయలేదు, అదీ అంకే కదా. కంపెనీ మనిషికి నచ్చలేదు. కుర్రాడు మాత్రం నిజంగానే మీటరు బిగించాడు.

మీ శాఖ కింది కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. షరతుల నోటు ప్రకటన ఏ భాషలో ఉంటే ఆ భాషలోనే, అదే ఫాంటులో ఉండాలని అందులో ఉంది. మా తెలుగు కరపత్రాల కింద ఇంగ్లీషు చీమలు ఇంకా పాకుతూనే ఉన్నాయి. ముందు దాన్ని అమలు చేయించండి.

రెండోది, ఫ్రిజ్ మీద స్టార్ లేబుల్ చూడండి. ఏడాదికి ఇన్ని యూనిట్లు అని ఉంటుంది, ఇన్ని రూపాయలు అని ఉండదు. ఎవరి రేటుతో వాళ్లు గుణించుకుంటారు. స్కూటర్‌కూ అలాగే, 100 కిలోమీటర్లకు గోడ దగ్గర ఎన్ని యూనిట్లు అన్నది పరీక్ష చేయించి బండి మీదే అంటించేలా చూడండి. రూపాయల్లో చెప్పి తీరాలనుకునే కంపెనీ పెట్రోలు ధర ఏ ఊరిదో, ఏ తేదీదో, మైలేజీ ఎవరు కొలిచారో ఆ అంకె పక్కనే రాయాలి. పాతపట్నం ధర పెట్టి పర్లాకిమిడిలో అమ్మకూడదు.

ఆ 12 పైసల డిజైను ఫైలు నా కంప్యూటర్లో ఇంకా ఉంది. మీ కార్యాలయం అడిగితే పంపిస్తాను, 6 పాయింట్ల నోటుతో సహా.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి ఒక డీటీపీ పనివాడు