సకురా పూతకి తారీఖు ఎలా పట్టుకోవాలి

ఒరేయ్ రవీ,

సెలవు ఎప్పుడైనా పెట్టుకోగలనన్నావు చూడు, అదే నీకున్న పెద్ద సుళువు. కాబట్టి సకురా, అంటే జపాన్ చెర్రీ పూలు, చూడ్డానికి వెళ్లే టోక్యో ప్రయాణానికి ఇప్పుడే తారీఖు ఖాయం చేసుకోకు. అక్కడ యసుకుని గుడి ఆవరణలో ఒక నమూనా చెట్టు ఉంది. దాని మీద ఐదారు పూలు విచ్చుకుంటే పూత మొదలైందని వాతావరణ శాఖవాళ్లు ప్రకటిస్తారు. సగటున అది మార్చి 24. కానీ 2023లో మార్చి 14కే పూసింది, మరుసటి ఏడు మార్చి 29 దాకా పూయలేదు. ఏకంగా పదిహేను రోజుల తేడా! చెట్టు నిండుగా కనిపించేది వారం లోపే కదా, సగటుని నమ్ముకుని వెళ్తే ఉత్త కొమ్మలైనా చూస్తావు, రాలిన రేకులైనా చూస్తావు.

అక్కడివాళ్లు వాడే లెక్కొకటి ఉంది, బాగా పనికొస్తుంది. ఫిబ్రవరి 1 నుంచి ప్రతిరోజూ పగటి గరిష్ఠ ఉష్ణోగ్రతని కూడుతూ పో. మొత్తం 600 డిగ్రీలకి చేరే వేళకి పూత మొదలవుతుంది. ఉదాహరణకి మార్చి 10కి నీ మొత్తం 430 అయిందనుకో. ఇంకా 170 కావాలి. ముందున్న రోజులకి గరిష్ఠం 14 దగ్గర ఉంటుందంటే పన్నెండు రోజులు, అంటే మార్చి 22. చెట్టు నిండడానికి ఇంకో వారం పడుతుంది, 29 అనుకో. నువ్వు 27న దిగి ఐదు రోజులుండు. మార్చి 10న టికెట్ కొనుక్కో, గది మాత్రం రద్దు చేసుకునే వీలున్నది ముందే పట్టిపెట్టుకో. ఆ వారంలో గదులు దొరకవు.

ఈ లెక్క ఒక్కోసారి తప్పుతుంది. మొగ్గ నిద్ర లేవాలంటే ముందు గట్టి చలి తగలాలి. శీతాకాలం మరీ వెచ్చగా గడిస్తే 600 దాటినా పూత ఆలస్యం కావచ్చు. అందుకే అక్కడి చెట్ల ఫోటోల్లో మొగ్గని దగ్గరగా చూడు. కొన ఆకుపచ్చగా ఉంటే ఇంకా చాలా టైముంది. కాడలు సాగి గులాబీ మొగ్గలు కిందికి వేలాడుతుంటే దగ్గర పడినట్టే. విచ్చిన పూవు మధ్యభాగం ఎర్రబడిందా, ఇక రేకులు రాలబోతున్నాయని గుర్తు. అప్పుడే విచ్చిన పూలు వానకి అంత తేలిగ్గా రాలవు కానీ, ఈ దశలో ఒక్క గాలివాన చాలు, చెట్టు ఖాళీ.

లెక్క తప్పి ఆలస్యంగా చేరావే అనుకో, ఉత్తరానికి రైలెక్కెయ్. సెందాయ్‌లో పూత సగటున ఏప్రిల్ 8న, అఒమోరిలో 22న మొదలవుతుంది. మరీ ముందు చేరితే మాత్రం దారి లేదు, ఆగాల్సిందే. అందుకే సందేహం వచ్చినప్పుడల్లా ప్రయాణం రెండు రోజులు ఆలస్యంగానే పెట్టుకో. ఫిబ్రవరి 1 నుంచి లెక్క మొదలుపెట్టి, మార్చి 10న నీ మొత్తం ఎంతైందో నాకు రాయి.

నీ
గోపాల్